పగలు కునుకు, రాత్రి మెలకువ

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, ఆ పక్క బొల్లారం, బొంతపల్లి, గడ్డపోతారం వైపు, మిట్టమధ్యాహ్నం ఇంట్లో మగమనిషి గాఢంగా నిద్రపోతుంటే ఎవరూ ఆశ్చర్యపోరు. నైట్ షిఫ్టు దిగి వచ్చాడనుకుంటారు. అర్ధరాత్రి లేచి కూర్చుంటే, షిఫ్టు మారింది కదా నిద్ర కుదరలేదనుకుంటారు. ఫ్యాక్టరీల చుట్టూ బతికే చోట నిద్ర తలకిందులు కావడం ఒక వార్త కాదు. ఈరోజు నేను మాట్లాడబోయే జబ్బుకు మాత్రం అదే మొదటి గుర్తు. అందుకే ఈ ప్రాంతంలో ఆ గుర్తు ఎంతో సులువుగా కళ్లముందు నుంచే దాటిపోతుంది.

జబ్బు పేరు హెపాటిక్ ఎన్‌కెఫలోపతి. లివర్ బాగా చెడిపోయి గట్టిపడి, గడ్డలు గడ్డలుగా మారిన స్థితిని సిర్రోసిస్ అంటారని మీలో చాలామందికి తెలుసు. ఏళ్ల తరబడి సారా తాగినవాళ్లకు, హెపటైటిస్ బి, సి ఉన్నవాళ్లకు, షుగరు, స్థూలకాయం వల్ల లివర్‌లో కొవ్వు పేరుకున్నవాళ్లకు ఇది వస్తుంది. ఆ లివర్ జబ్బు మెదడు మీద చూపే దెబ్బే ఎన్‌కెఫలోపతి. మనిషి మందగిస్తాడు, మాట తడబడుతుంది, తేదీ, వారం మరచిపోతాడు, ముదిరితే కోమాలోకి వెళ్తాడు. సకాలంలో గుర్తిస్తే చాలావరకు తిరిగి మామూలు మనిషి అవుతాడు.

ఇందులో ముఖ్యమైన దోషి అమ్మోనియా. ఆ పేరు వినగానే ఈ ప్రాంతపు కార్మికులకు ముక్కు మండించే వాసన గుర్తొస్తుంది. కోల్డ్ స్టోరేజీల్లో, కొన్ని ప్లాంట్లలో ఆ గ్యాసుతో పనిచేసినవాళ్లున్నారు. ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. బయట పీల్చిన అమ్మోనియా కళ్లను, ఊపిరితిత్తులను కాలుస్తుంది గానీ ఈ జబ్బు తెచ్చిపెట్టదు. ఈ జబ్బులోని అమ్మోనియా మన పేగుల్లోనే పుడుతుంది. తిన్న మాంసకృత్తులను పెద్దపేగులోని బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు కొంత, చిన్నపేగు గోడలోని కణాలు గ్లుటమిన్ అనే పదార్థాన్ని వాడుకున్నప్పుడు కొంత తయారవుతుంది. అది మీకూ నాకూ ప్రతిరోజూ జరిగేదే. పేగుల రక్తమంతా పోర్టల్ సిర అనే ఒక పెద్ద నాళంలో చేరి ముందు లివర్‌కు వెళ్తుంది. లివర్ ఆ అమ్మోనియాను యూరియాగా మారుస్తుంది. యూరియా మూత్రంలో పోతుంది.

సిర్రోసిస్‌లో ఈ ఏర్పాటు రెండుచోట్ల చెడుతుంది. లివర్ కణాలు తగ్గిపోయి పని సగం ఆగిపోతుంది. పైగా గట్టిపడిన లివర్‌లోంచి రక్తం పారలేక వెనక్కి తన్ని, కట్ట అడ్డుపడ్డ వాగు నీళ్లు పక్క పొలాల్లోకి దారి చేసుకున్నట్టు, అన్నవాహిక చుట్టూ, బొడ్డు చుట్టూ ఉన్న చిన్న నాళాల్లోంచి దొడ్డిదారిన గుండెకు చేరుతుంది. ఆ దారిన వెళ్లిన రక్తాన్ని లివర్ శుభ్రం చేయదు. అందులోని అమ్మోనియా నేరుగా మెదడుకు వెళ్తుంది. మెదడులో ఆస్ట్రోసైట్లు అనే కణాలు దాన్ని గ్లుటమిన్‌గా మార్చి తమలో దాచుకుంటాయి. గ్లుటమిన్ నీటిని లాగుతుంది, కణాలు ఉబ్బుతాయి, వాటి పని మందగిస్తుంది. సోడియం తగ్గినా, శరీరంలో ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఆ ఉబ్బు ఇంకా ఎక్కువవుతుంది.

ఈ సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు. 1877లో రష్యాలో నికొలాయ్ ఎక్ అనే వైద్యుడు కుక్కల్లో పోర్టల్ సిరను లివర్‌కు చేరకుండా పక్కకు కలిపే ఆపరేషన్ చేశాడు. 1893లో పావ్‌లోవ్ బృందం అలాంటి కుక్కలకు మాంసం పెడితే తూలుతూ, మత్తుగా పడిపోతున్నాయని ప్రచురించింది. గంట మోగించి కుక్కల నోరూరించిన ప్రయోగాలతో మనం బడిలో చదువుకున్న ఆ పావ్‌లోవే.

అయితే అమ్మోనియా ఏళ్ల తరబడి కొంచెం ఎక్కువగా ఉన్నా మనిషి తిరుగుతూనే ఉంటాడు. ఒక రోజు ఉన్నట్టుండి మత్తులోకి జారుకున్నాడంటే, చాలాసార్లు వెనక నుంచి ఏదో ఒకటి తోసి ఉంటుంది. ఆ తోసింది ఏమిటో పట్టుకోవడమే వైద్యంలో సగం. ఇది ఎలా ఉంటుందో చూపడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. ఎవరో ఒకరి కథ కాదిది. ఇలాంటివాళ్లలో కనిపించే సంగతులన్నీ ఒకచోట చేర్చి చెబుతున్నాను.

ఆయనకు 48 ఏళ్లు, ఇస్నాపూర్‌లో అద్దె ఇల్లు, ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. రెండేళ్ల కింద సిర్రోసిస్ అని తేలింది. పొట్టలో నీరు చేరితే డాక్టరు నీటి మాత్రలు రాశారు. మందు తాగడం మానేశాడు గానీ కల్లు మానలేదు. కల్లు చలువ చేస్తుంది, అది మందు కిందకి రాదని ఆయన లెక్క. ఏప్రిల్ ఎండలు ముదిరాయి. ఆదివారం పొట్ట బరువుగా ఉందని నీటి మాత్ర ఒకటికి రెండు వేసుకున్నాడు. మర్నాడూ అంతే. మూత్రం బాగా పోయింది, పొట్ట తగ్గింది, సంతోషించాడు. బాయిలర్ వేడికి చెమట అంతా ఇంతా కాదు. మూడు రోజులుగా మోషన్ కాలేదు, దాన్ని పట్టించుకోలేదు. గురువారం రాత్రి నిద్ర పట్టలేదు. శుక్రవారం సాయంత్రం నిద్ర కోసమని కల్లు కాంపౌండుకు వెళ్లి వచ్చాడు.

శనివారం పగలంతా పడుకున్నాడు. "ఏందయ్యా, షిఫ్టు లేకున్నా పొద్దంతా పంటనే ఉన్నవ్" అని భార్య అడిగితే చిరాకుపడ్డాడు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున ఇవాళ ఏ వారమంటే మంగళవారమన్నాడు. సాయంత్రానికి గది మూలకు వెళ్లి మూత్రం పోశాడు. ఒకరు గాలి సోకిందన్నారు. ఇంకొకరు కల్లు దిగలేదన్నారు. వీధిలోని ఆర్‌ఎంపీ వచ్చి, మనిషి తిక్కతిక్కగా చేస్తున్నాడు, నిద్ర ఇంజెక్షన్ ఇస్తే సర్దుకుంటాడన్నాడు.

ఆ ఇంజెక్షన్ పడి ఉంటే మనిషి వెంటిలేటర్ దాకా వెళ్లేవాడు. అదృష్టవశాత్తూ కొడుకు ఒప్పుకోక 108కు ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో డాక్టరు మొదట చేతులు చాపమంటాడు. వేళ్లు విడదీసి, ఆటో ఆపమన్నట్టు మణికట్లు పైకి వంచి ఉంచమంటాడు. కొన్ని క్షణాలకు చేతులు పట్టు తప్పి కిందికి జారి మళ్లీ లేస్తాయి, పక్షి రెక్క ఆడించినట్టు. దీన్ని ఫ్లాపింగ్ ట్రెమర్ అంటారు. తర్వాత రక్తపరీక్షలు. సోడియం 128, పొటాషియం 2.9, రెండూ తక్కువే. క్రియాటినిన్ 1.6, అంటే కిడ్నీలకు నీరు చాలడం లేదు. షుగరు మామూలుగానే ఉంది. దాన్ని చూడటం తప్పనిసరి, ఎందుకంటే చెడిన లివర్ ఉన్నవాళ్లకు షుగరు పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. ఎక్కడైనా పడి తలకు దెబ్బ తగిలిందా అని స్కాన్ తీస్తారు. పొట్టలోని నీటిని సూదితో తీసి పరీక్షకు పంపుతారు. ఆ నీటిలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు క్యూబిక్ మిల్లీమీటరుకు 250 దాటితే ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు. జ్వరం లేకపోయినా, కడుపునొప్పి లేకపోయినా ఈ ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. మత్తు ఒక్కటే దాని ఆనవాలు కావచ్చు. మన మనిషికి అది లేదు. మలం నల్లగా తారులా పోతోందా అని కూడా అడుగుతారు. అన్నవాహికలోని ఉబ్బిన సిర పగిలి ఒక లీటరు రక్తం పేగుల్లోకి కారితే, దాదాపు కిలో మాంసంలో ఉండేంత మాంసకృత్తులు ఒక్కసారిగా బ్యాక్టీరియా చేతికి చిక్కినట్టే. అదీ లేదు.

మరి ఈయన్ని తోసింది ఏది? నాలుగు కారణాలు కలిశాయి. నీటి మాత్రలు, ఎండ కలిసి ఒళ్లు ఎండగట్టాయి. పొటాషియం తగ్గితే కిడ్నీలే ఎక్కువ అమ్మోనియాను తయారుచేసి రక్తంలోకి వదులుతాయి, ఇది చాలామందికి తెలియని సంగతి. మూడు రోజుల మలబద్ధకంతో పేగుల్లో అమ్మోనియా పుట్టడానికి, రక్తంలోకి పోవడానికి కావలసినంత సమయం దొరికింది. నాలుగోది కల్లు.

కల్లు దగ్గర కాసేపు ఆగాలి. తాటి చెట్టు నుంచి, ఈత చెట్టు నుంచి దిగిన కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది, సిర్రోసిస్ ఉన్నవాళ్లకు అదీ పనికిరాదు. అసలు ప్రమాదం అంతకంటే పెద్దది. మన రాష్ట్రంలో చాలాచోట్ల కల్లు పేరుతో అమ్మేదాంట్లో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతున్నారని ఏళ్లుగా కేసులు నమోదవుతున్నాయి. ఔషధ పరిశ్రమలున్న ఈ ప్రాంతంలోనే అల్ప్రాజోలం దొంగచాటుగా తయారుచేస్తూ పట్టుబడినవాళ్లున్నారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు, నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మనుషులు వణుకుతూ, వింతగా మాట్లాడుతూ ఆసుపత్రులకు వచ్చారు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి ప్రాణాలే పోయాయి. ఆరోగ్యవంతుడి లివర్ అల్ప్రాజోలాన్ని ఒకటి రెండు రోజుల్లో వదిలించుకుంటుంది. సిర్రోసిస్ ఉన్నవాడిలో అది చాలాసేపు నిలిచిపోతుంది. పైగా అప్పటికే అమ్మోనియాతో మందగించిన మెదడు మీద అది పడుతుంది.

ఇక్కడ వైద్యులకూ ఒక చిక్కు ఉంది. రోజూ తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే వచ్చే వణుకూ కలవరమూ వేరు. అందులో గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్లంతా చెమట పడుతుంది, చేతులు సన్నగా ఆగకుండా వణుకుతాయి, మనిషికి నిద్రే ఉండదు. దానికి వైద్యం లొరాజెపామ్ లాంటి మత్తుమందే. ఎన్‌కెఫలోపతిలో మనిషి మందంగా, మగతగా ఉంటాడు, చేతులు రెక్కల్లా జారుతాయి. ఆ మనిషికి అదే మత్తుమందు విషంతో సమానం. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు కూడా. అందుకే ఎప్పుడు చివరిసారి తాగాడు, ఏం తాగాడు, నిద్రమాత్ర ఏమైనా వేశారా అన్న మూడు ప్రశ్నలకు ఇంటివాళ్లు సిగ్గుపడకుండా నిజం చెప్పాలి. స్కాన్ చూపించలేని సంగతి అది.

అమ్మోనియా పరీక్ష చేయిస్తే సరిపోదా అని అడుగుతారు. రక్తం తీసి ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకు చేర్చకపోతే ఆ అంకె గొట్టంలోనే పెరిగిపోతుంది. సరిగ్గా చేసినా, అంకె ఎంతుంటే మత్తు అంత అని లెక్క లేదు. రక్తంలో అమ్మోనియా మామూలుగా ఉంటే మాత్రం, ఈ మత్తుకు ఇంకేదో కారణం ఉందని వెతకాలి. ఆ పరీక్షకు అంతవరకే విలువ. రోజూ చేయించి డబ్బు తగలేయడం నాకు నచ్చదు.

ఇక మందు. నీటి మాత్రలు ఆపారు, సెలైన్ ఎక్కించారు, పొటాషియం ఇచ్చారు. వాటితోపాటు లాక్టులోజ్. మెడికల్ షాపులో మలబద్ధకానికి ఇచ్చే తియ్యటి చిక్కటి సిరపే ఇది. పాలల్లోని చక్కెర నుంచి తయారవుతుంది. 1966లో స్విట్జర్లాండ్‌కు చెందిన యోహాన్నెస్ బిర్కర్ బృందం ఈ జబ్బుకు వాడి చూపింది. దీన్ని మన చిన్నపేగు అరిగించుకోలేదు, రక్తంలోకి తీసుకోదు. అది చెక్కుచెదరకుండా పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. ఆమ్ల వాతావరణంలో అమ్మోనియా అమ్మోనియం అనే మరో రూపానికి మారుతుంది. ఆ రూపం పేగు గోడ దాటి రక్తంలోకి పోలేక లోపలే చిక్కుకుంటుంది. తర్వాత విరేచనం అయి బయటకు పోతుంది.

మన మనిషికి 30 మిల్లీలీటర్ల చొప్పున రెండు గంటలకోసారి, మెత్తగా మోషన్ అయ్యేదాకా ఇచ్చారు. మింగలేనంత మత్తులో ఉంటే నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు ముక్కు గొట్టం ద్వారా గానీ, 300 మిల్లీలీటర్ల లాక్టులోజ్‌లో 700 నీళ్లు కలిపి ఎనిమాగా గానీ ఇస్తారు. మర్నాటికి మూడు మోషన్లు అయ్యాయి. రెండో రోజు మధ్యాహ్నం కొడుకును పేరుపెట్టి పిలిచి, అన్నం అడిగాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు డాక్టరు అదే సిరప్ రాశారు. అసలు పొరపాట్లు మొదలయ్యేది ఇక్కడే. ఈ మందుకు మోతాదు చెంచాల్లో ఉండదు, మోషన్ల లెక్కలో ఉంటుంది. రోజుకు రెండు లేక మూడు మెత్తటి మోషన్లు కావాలి. 15 మిల్లీలీటర్లలో 10 గ్రాముల మందుంటుంది. చాలామందికి 15 నుంచి 30 మిల్లీలీటర్లు రోజుకు రెండు మూడుసార్లు సరిపోతుంది. ఒక్క మోషనే అయితే పెంచాలి. నాలుగైదు నీళ్లలా అయితే తగ్గించాలి, ఎందుకంటే విరేచనాలతో ఒళ్లు ఎండిపోతే మళ్లీ అదే మత్తు వస్తుంది. మందు ఎక్కువై మత్తు వచ్చినవాళ్లను కూడా వైద్యులు చూస్తుంటారు. ఎలా పెంచాలో, ఎలా తగ్గించాలో డిశ్చార్జి రోజునే కాగితం మీద రాయించుకోండి.

మందు ఆపేయడానికి కారణాలు ఇంకోలా ఉంటాయి. తీపికి వెగటు, కడుపుబ్బరం, గ్యాసు. మూడు మోషన్లు అవుతున్నాయని భయపడి విరేచనాలు ఆగే మాత్ర వేసేవాళ్లున్నారు, అంటే ఒక చేత్తో వైద్యం చేసి ఇంకో చేత్తో చెరిపేయడమే. 200 మిల్లీలీటర్ల సీసా రోజుకు 60 చొప్పున మూడు రోజులకే అయిపోతుంది, కొనలేక సగం తాగుతారు. ఇక ఈ ప్రాంతంలో నాకు తెలిసిన కారణం, ఫ్యాక్టరీలో మాటిమాటికీ బాత్రూముకు పోలేక షిఫ్టు రోజుల్లో మందు మానేయడం. మానే బదులు మీ డ్యూటీ వేళలు డాక్టరుకు చెప్పండి, డోసుల వేళలు జరుపుకోవచ్చు. మజ్జిగలోనో నీళ్లలోనో కలుపుకుంటే వెగటు తగ్గుతుంది. ఈఎస్ఐ కార్డు ఉంటే సిరప్ అక్కడ అడగండి. ఇది మానకూడని మందని చెప్పడానికి ఢిల్లీ జి.బి.పంత్ ఆసుపత్రి వైద్యులు 2009లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఒకసారి మత్తు వచ్చి తగ్గినవాళ్లలో, లాక్టులోజ్ వాడినవారికి నూటికి 20 మందికి మళ్లీ వచ్చింది, వాడనివారికి 47 మందికి వచ్చింది. అయినా తిరిగి వస్తే రిఫాక్సిమిన్ అనే మాత్ర తోడు చేస్తారు, లాక్టులోజ్‌ను ఆపి కాదు.

తిండి గురించి పాత మాట ఒకటి ఇంకా తిరుగుతోంది. పప్పు వద్దు, గుడ్డు వద్దు, జావ తాగించండి అని. పావ్‌లోవ్ కుక్కల కాలం నుంచి వచ్చిన భయం అది. ఇప్పుడు వైద్యులు దాన్ని వదిలేశారు. కారణం సులువే. లివర్ పని తగ్గినప్పుడు అమ్మోనియాను పట్టుకునేది కండ. జావ మీద ఉంచితే కండ కరిగి, ఉన్న సాయం కూడా పోతుంది. 60 కిలోల మనిషికి రోజుకు 72 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు పెట్టండి. రాత్రి పడుకునే ముందు ఏదైనా కొంచెం తినిపించండి, పొద్దుటిదాకా కడుపు ఖాళీగా ఉంటే శరీరం సొంత కండనే కరిగిస్తుంది.

ఇంట్లో చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఒక నిమిషంలో తోచినన్ని జంతువుల పేర్లు చెప్పమనండి. మామూలుగా ఉన్నప్పుడు ఎన్ని చెప్పగలరో రాసిపెట్టుకోండి. పదిహేను దాటితే చాలావరకు బాగున్నట్టే, పది లోపుకు పడిపోతే ఆ రోజే డాక్టరును కలవండి. సంతకం మారడం, డబ్బు లెక్క తప్పడం కూడా అలాంటివే. ఆ రోజుల్లో బండి నడపనివ్వకండి, బాయిలర్ దగ్గరకో, ఫోర్క్‌లిఫ్ట్ మీదకో పంపకండి. ప్రమాదం ఆయన ఒక్కడిదే కాదు, పక్కన నిలబడ్డవాడిది కూడా.

చివరగా, మనిషి లేచి కూర్చుని అన్నం తినగానే జబ్బు నయమైందనుకోవద్దు. 1999లో బార్సిలోనా వైద్యులు ప్రచురించిన లెక్కలో, మొదటిసారి ఇలా మత్తు వచ్చినవాళ్లలో ఏడాది తర్వాత బతికున్నది నూటికి 42 మంది. అప్పటికీ ఇప్పటికీ వైద్యం మెరుగైంది, కానీ ఆ మత్తు లివర్ చివరి దశకు వచ్చిందని చెప్పే హెచ్చరిక అనడంలో మార్పు లేదు. అందుకని డిశ్చార్జి అయ్యే రోజే ఇద్దరు ముగ్గురు ఇంటివాళ్లు కలిసి వెళ్లి డాక్టరును ఒక ప్రశ్న అడగండి: ఈయనకు లివర్ మార్పిడి కుదురుతుందా, జీవన్‌దాన్‌లో పేరు ఎప్పుడు నమోదు చేయించాలి? ఆ ప్రశ్న రెండోసారి మత్తు వచ్చేదాకా ఆపకండి.